ఇద్దరికీ 26.4 వచ్చింది, పుస్తకంలో 26.9 ఉంది

ప్రశ్న: మాస్టారూ, మాది గుణుపూర్. ప్లస్ టూ మొదటి సంవత్సరం సైన్సు చదువుతున్నాను. హోంవర్కులో లెక్క ఇది: 8.50 మీ. ఎత్తున్న డాబా అంచు నుంచి బంతిని గంటకు 50.0 కి.మీ. వేగంతో, క్షితిజానికి 35.0° పైకి విసిరారు. g = 9.80 మీ/సె². బంతి డాబా పాదం నుంచి ఎంత దూరంలో నేలను తాకుతుంది? ఎంత వేగంతో తాకుతుంది? నేను వేగం 14 మీ/సె అని తీసుకున్నాను. అడ్డు వేగం 11, నిలువు వేగం 8.0, కాలం 2.4 సె., దూరం 26.4 మీ. వచ్చాయి. నా స్నేహితురాలు g = 10 తీసుకుని మిగతా అంతా క్యాలిక్యులేటర్‌లో చేస్తే తనకూ 26.4 వచ్చింది. పుస్తకం వెనక 26.9 అని ఉంది. అది అచ్చుతప్పేనా? జవాబులో ఎన్ని అంకెలు రాయాలో కూడా చెప్పండి.

జవాబు: అచ్చుతప్పు కాదమ్మా, 26.9 సరైనదే. నీ 26.4, నీ స్నేహితురాలి 26.4 రెండు వేర్వేరు కారణాల వల్ల తక్కువగా వచ్చాయి. అవి ఒకే అంకె దగ్గర కలవడం కేవలం యాదృచ్ఛికం. ఇద్దరి జవాబులు కలిస్తే ఒకరికొకరు సాక్ష్యం అని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ఇద్దరూ ఒకే విలువలతో ఒకే లెక్క చేసినప్పుడే ఆ సాక్ష్యానికి బలం ఉంటుంది. ఇక్కడ మీరిద్దరూ చేసినవి వేర్వేరు లెక్కలు. ముందు లెక్కను మధ్యలో ఎక్కడా రౌండ్ చేయకుండా చేద్దాం. తర్వాత నీ అరమీటరు ఎక్కడ పోయిందో వెతుకుదాం.

మొదటి పని ప్రమాణాలు మార్చడం. ఎత్తు మీటర్లలో, g మీటర్లలో, సెకన్లలో ఉన్నాయి. వేగం ఒక్కటే కిలోమీటర్లలో, గంటల్లో ఉంది. కాబట్టి దాన్ని మార్చాలి:

u = 50.0 × (1000 m / 3600 s) = 13.8889 m/s

ఇక్కడ 1000, 3600 కొలిచి తెచ్చిన సంఖ్యలు కావు, నిర్వచనం నుంచి వచ్చినవి. వాటి వల్ల సార్థక అంకెలు తగ్గవు. 50.0లో మూడు సార్థక అంకెలు ఉన్నాయి కనుక 13.8889లో కూడా నమ్మదగినవి మూడే. అయినా కాగితం మీద 13.8889 అనే ఉంచుదాం, ఎందుకో కాసేపట్లో నీకే తెలుస్తుంది. ఎన్ని అంకెల వరకు నమ్మవచ్చో గుర్తు ఉండటానికి నేను పిల్లలచేత మూడో అంకె కింద చిన్న గీత పెట్టిస్తాను. నువ్వూ అలా చేయి.

ఇప్పుడు వేగాన్ని రెండు భాగాలు చేద్దాం:

u_x = 13.8889 × cos 35.0° = 11.3771 m/s
u_y = 13.8889 × sin 35.0° = 7.9663 m/s

పై దిశను ధనాత్మకం అనుకుంటే నేల −8.50 మీ. దగ్గర ఉంది. కాబట్టి:

−8.50 = 7.9663 t − (1/2)(9.80) t²

దీన్ని వర్గ సమీకరణంగా సాధిస్తే:

t = [u_y + √(u_y² + 2gh)] / g

వర్గమూలం లోపలి భాగం దగ్గర ఒక్క క్షణం ఆగి ప్రమాణాలు చూడు. u_y² ప్రమాణం m²/s². 2gh ప్రమాణం (m/s²) × m, అంటే అదీ m²/s². రెండూ ఒకటే కనుక కూడవచ్చు. పొరపాటున 50.0ను గంటకు కిలోమీటర్లలోనే ఉంచి ప్రమాణాలు రాయకుండా ముందుకు పోయి ఉంటే, కూడికలో km²/h² పక్కన m²/s² కూర్చునేది, అయినా కాగితం మీద ఏ తప్పూ కనబడేది కాదు. ప్రమాణాలను ప్రతి వరుసలో రాయమని ఉపాధ్యాయులు పట్టుబట్టేది ఇలాంటి చోట్ల కోసమే. చివర్లో అలంకారంగా పెట్టే m అనే ఒక్క అక్షరానికి ఆ పని చేతకాదు.

u_y² + 2gh = 63.4626 + 166.6 = 230.0626 m²/s²
√230.0626 = 15.1678 m/s
t = (7.9663 + 15.1678) / 9.80 = 2.3606 s
R = 11.3771 × 2.3606 = 26.857 m

మూడు అంకెలకు రౌండ్ చేస్తే 26.9 మీ. పుస్తకం చెప్పింది అదే.

రెండో ప్రశ్నకు కొత్త లెక్క పెద్దగా అక్కరలేదు. నేలను తాకేటప్పటి నిలువు వేగం పైన వర్గమూలంగా వచ్చిన 15.1678 మీ/సె., అది కిందికి. అడ్డు వేగం దారి పొడవునా మారలేదు. కాబట్టి:

v = √(11.3771² + 15.1678²) = √359.50 = 18.96 m/s

జవాబు 19.0 మీ/సె., క్షితిజానికి 53.1° కిందికి. ఇక్కడ 19 అని రాసి ఆపేయకు. ఆ సున్న మూడో అంకె. 19 అంటే 18.5కూ 19.5కూ మధ్య ఎక్కడైనా ఉండవచ్చు, 19.0 అంటే 18.95కూ 19.05కూ మధ్య. రెండూ ఒకే మాట కాదు. 8.50 మీ.ను 8.5 మీ. అని దించుకున్నా ఇదే నష్టం. ఇచ్చినవాళ్లు సెంటీమీటరు వరకు కొలిచి చెప్పారు, దించుకునేటప్పుడు మనం దాన్ని పదేసి సెంటీమీటర్లకు మోటు చేశాం.

ఇక నీ లెక్కకు వద్దాం. నువ్వు ముఖ్యంగా మూడుచోట్ల రౌండ్ చేశావు. ఒక్కోదాని ప్రభావాన్ని విడిగా చూస్తే విషయం బాగా తెలుస్తుంది.

మొదట 13.8889ను 14 చేశావు. ఇదొక్కటే చేసి, మిగతా అంకెలన్నీ అలాగే ఉంచి ఉంటే దూరం 27.2 మీ. వచ్చేది. అంటే నిజమైన విలువ కంటే పైకి పోయింది. తర్వాత 14 × cos 35.0° = 11.47ను 11 చేశావు. ఇది నాలుగు శాతం కోత, నీ లెక్కలో అన్నిటికంటే పెద్ద దెబ్బ ఇదే. దీనితో దూరం 26.1కు పడిపోయింది. ఆ తర్వాత నిలువు వేగం 8.0, వర్గమూలం 15.2 తీసుకుంటే కాలం 2.367 వస్తుంది. దాన్ని 2.4 చేయడంతో దూరం మళ్లీ పైకి లేచి 26.4 దగ్గర ఆగింది. పైకి, కిందికి, మళ్లీ పైకి. వేగాన్ని ఇంకోలా ఇచ్చి ఉంటే ఈ మూడూ ఒకే వైపు పోయి ఉండవచ్చు, అప్పుడు తేడా ఒక మీటరు కూడా దాటవచ్చు. మధ్యలో రౌండ్ చేయడంలోని ప్రమాదం ఇదే: జవాబు ఎంత చెడుతుందో, ఏ వైపు చెడుతుందో ముందుగా తెలియదు.

ఇంకొకటి కూడా గమనించు. 11 లోనూ 2.4 లోనూ రెండేసి సార్థక అంకెలే ఉన్నాయి. వాటిని గుణించి 26.4 అని మూడు అంకెలు రాయడానికి నీ లెక్క ప్రకారమే హక్కు లేదు, 26 అనే రాయాలి. అలా రాసి ఉంటే పుస్తకంతో పోల్చేటప్పుడు, నా దగ్గర మూడో అంకె లేదు కదా అని అక్కడే నీకు తట్టేది. లేని మూడో అంకెను రాయడం వల్లే పుస్తకాన్ని అనుమానించవలసి వచ్చింది.

నీ స్నేహితురాలు మధ్యలో ఏమీ రౌండ్ చేయలేదు, అది మంచి అలవాటు. కానీ లెక్కలో g = 9.80 అని స్పష్టంగా ఇచ్చాక 10 తీసుకోకూడదు. g రెండు శాతం పెరిగితే ఈ లెక్కలో దూరం ఒకటిన్నర శాతం తగ్గుతుంది. 26.857 కాస్తా 26.447 అవుతుంది. మూడు అంకెల జవాబు కావాలంటే మనకు అర శాతం తేడా కూడా ఎక్కువే. ‘g = 10 తీసుకోండి’ అని లెక్కలోనే ఉంటే అప్పుడు అదే తీసుకోవాలి, దానిలో తప్పేమీ లేదు.

g ఎంతో లెక్కలో చెప్పకపోతే? జవాబు పక్కన నువ్వే రాయి: ‘g = 9.80 m/s² తీసుకున్నాను’ అని. ఈ ఒక్క వరుస చాలా గొడవలు తప్పిస్తుంది. ఎందుకంటే ఇదే లెక్కను 9.81తో చేస్తే 26.836 వస్తుంది, రౌండ్ చేస్తే 26.8. ఒకరు 26.8, ఇంకొకరు 26.9 రాసినా ఇద్దరూ సరిగా చేసినవాళ్లే కావచ్చు. మన ప్రాంతంలో g నిజానికి ఈ రెండిటికంటే కాస్త తక్కువ. పర్లాకిమిడి, గుణుపూర్ దాదాపు 19° ఉత్తర అక్షాంశం మీద ఉన్నాయి, ఇక్కడ g సుమారు 9.79 మీ/సె². భూమధ్యరేఖకు దగ్గరయ్యే కొద్దీ g తగ్గుతుంది, ధ్రువాల వైపు పోయే కొద్దీ పెరుగుతుంది. ఎత్తు వల్ల వచ్చే తేడా ఇంకా చిన్నది. దాదాపు 1500 మీటర్ల ఎత్తున్న మహేంద్రగిరి ఎక్కినా g లో తగ్గేది 0.005 మీ/సె² దాటదు.

ఇప్పుడు అసలు ప్రశ్న, ఎన్ని అంకెలు రాయాలి? గుణకారాల్లో, భాగాహారాల్లో అన్నిటికంటే తక్కువ సార్థక అంకెలున్న విలువ ఎన్ని ఇస్తే అన్నే రాయాలన్నది సూత్రం. ఈ లెక్కలో ఇచ్చినవన్నీ మూడంకెల విలువలు కనుక జవాబు కూడా మూడు అంకెలే. కానీ ఈ సూత్రం ఎక్కడి నుంచి వచ్చిందో ఒకసారి ఈ లెక్కలోనే చూస్తే మళ్లీ మరచిపోవు.

గంటకు 50.0 కి.మీ. అంటే నిజమైన వేగం 49.95కూ 50.05కూ మధ్య ఎక్కడో ఉంది. వెయ్యిలో ఒక వంతు అటో ఇటో అన్నమాట. వేగం అంత మారితే దూరం నాలుగు సెంటీమీటర్లు మారుతుంది. g లోని సందేహం, అంటే 9.795 నుంచి 9.805 దాకా, దూరాన్ని ఒక సెంటీమీటరు కదిలిస్తుంది. 8.50 మీ. ఎత్తులోని అర సెంటీమీటరు సందేహం వల్ల అర సెంటీమీటరు కూడా కదలదు. అన్నీ ఒకే వైపు పోయినా దూరం 26.80కూ 26.91కూ మధ్యనే ఉంటుంది. అంటే 26 ఖాయం, దశాంశం తర్వాతి మొదటి అంకె ఎనిమిదో తొమ్మిదో, ఆ తర్వాతి అంకెకు అర్థం లేదు. 26.9 అని రాసేది ఈ మాట చెప్పడానికే. క్యాలిక్యులేటర్ తెర మీద కనబడే 26.857 మొత్తం రాస్తే, బంతి పడే చోటు మిల్లీమీటరు వరకు నాకు తెలుసు అని చెప్పినట్టు. ఇచ్చిన వివరాల్లో అంత సమాచారం లేదు.

అదే లెక్కలో ‘గంటకు 50 కి.మీ.’ అని రెండంకెలతో ఇచ్చి ఉంటే కథ వేరుగా ఉండేది. అప్పుడు వేగం 49.5 నుంచి 50.5 దాకా ఉండవచ్చు, దూరం 26.4 నుంచి 27.3 దాకా పాకుతుంది. సరైన జవాబు 27 మీ. అయ్యేది. ఆ ఒక్క సున్న ఉందా లేదా అన్నది దించుకునేటప్పుడే చూడు.

కోణం గురించి చెప్పలేదని నువ్వు అడగవచ్చు. ఈ లెక్కలో నాకు బాగా నచ్చే భాగం అదే. కోణాన్ని 34.5°కు తగ్గించినా, 35.5°కు పెంచినా దూరం ఒకటిన్నర సెంటీమీటరు కంటే ఎక్కువ మారదు. కోణం పెరిగితే అడ్డు వేగం తగ్గుతుంది, కానీ బంతి గాలిలో ఉండే కాలం పెరుగుతుంది. 35° దగ్గర ఈ రెండూ దాదాపు సరిసమానంగా ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. ఎత్తు నుంచి విసిరినప్పుడు ఎక్కువ దూరం పోయే కోణం 45° కాదు, అంతకంటే తక్కువ. ఈ ఎత్తుకు, ఈ వేగానికి అది సుమారు 36.2°. ఆ కోణంలో వచ్చే గరిష్ఠ దూరానికి చక్కని సూత్రం ఉంది:

R_max = (u/g) √(u² + 2gh)

వర్గమూలం విలువ మనకు కొత్తది కాదు, నేలను తాకే వేగం 18.96 అదే. అంటే R_max = 13.8889 × 18.96 / 9.80 = 26.87 మీ.

దీనితో నీ చేతికి మంచి తనిఖీ సాధనం దొరికింది. ఏ కోణంలో విసిరినా ఈ బంతి 26.87 మీ. దాటదు. మరోవైపు, విసిరిన ఎత్తుకు బంతి తిరిగి వచ్చేసరికే అది u² sin 2θ / g, అంటే 18.5 మీ. పోయి ఉంటుంది. అక్కడి నుంచి ఇంకా కిందికి పడాలి కనుక జవాబు 18.5 కంటే ఎక్కువే ఉండాలి. రౌండ్ చేయకముందే ఈ రెండు హద్దుల బయట వచ్చిన ఏ జవాబైనా తప్పే. నీ మొదటి రౌండుతో వచ్చే 27.2 ఈ తనిఖీలో వెంటనే దొరికిపోతుంది. u² sin 2θ / g సూత్రంలో వేసి 18.5 మీ. అని రాసేవాళ్లు కూడా దొరికిపోతారు. ఆ సూత్రం బయలుదేరిన ఎత్తులోనే బంతి దిగినప్పుడు మాత్రమే చెల్లుతుంది. ఈ తరహా లెక్కల్లో నేను ఎక్కువగా చూసే తప్పు అదే. నీ 26.4 మాత్రం రెండు హద్దుల మధ్యనే ఉంది కనుక ఈ తనిఖీకి అందదు. దాన్ని పట్టుకోవడానికి అంకెలు మిగుల్చుకుని మళ్లీ చేయడం ఒక్కటే దారి.

మధ్యలో ఎన్ని అంకెలు మిగుల్చుకోవాలి? క్యాలిక్యులేటర్ ఉంటే మెమరీలో మొత్తం ఉంచు. కాగితం మీద, లాగ్ పట్టికతో చేస్తుంటే చివరికి కావలసిన దానికంటే ఒక్క అంకె ఎక్కువ ఉంచుకుంటే చాలు. నాలుగంకెల పట్టికతో ఈ లెక్క చేసి చూడు: 13.89, 11.38, 7.967, 15.17, 2.361 వస్తాయి. 11.38 × 2.361 = 26.87, రౌండ్ చేస్తే 26.9. ఒక్క అదనపు అంకె సరిపోయింది.

కూడికల్లో, తీసివేతల్లో సూత్రం మారుతుందని మరచిపోవద్దు. అక్కడ సార్థక అంకెలు లెక్కపెట్టరు, దశాంశ స్థానాలు చూస్తారు. మీ సెట్‌లో ఈ లెక్కకు కొనసాగింపుగా, విసిరిన ఎత్తుకు తిరిగి వచ్చాక బంతి ఇంకా ఎంత అడ్డు దూరం పోయింది అని అడిగారనుకో. 26.857 నుంచి 18.497 తీసేస్తే 8.360 మీ. మూడు అంకెలు కావాలి కదా అని 8.36 రాయకు. రెండు దూరాల్లోనూ దశాంశం తర్వాత ఒక్క స్థానమే నమ్మదగినది, కాబట్టి తేడా 8.4 మీ. మూడంకెల విలువలతో మొదలుపెట్టి రెండంకెల జవాబుకు వచ్చాం, అది న్యాయమే. దగ్గరదగ్గర ఉన్న రెండు సంఖ్యలను తీసివేస్తే ముందున్న గట్టి అంకెలు కొట్టుకుపోయి, వెనకున్న సందేహపు అంకెలే మిగులుతాయి.

ఒక హద్దు కూడా చెప్పాలి. ఈ సార్థక అంకెలు ఇచ్చిన కొలతల నాణ్యతను మాత్రమే చెబుతాయి. గాలి నిరోధం లేదన్న ఊహ ఎంత నిజమో అవి చెప్పవు. నువ్వు నిజంగా డాబా ఎక్కి క్రికెట్ బంతిని ఈ వేగంతో విసిరితే గాలి వల్ల అది మీటరు కంటే ఎక్కువే ఇవతల పడుతుంది. కనుక 26.9లోని ఆ తొమ్మిది, గాలి లేదనుకున్న బంతికి చెందిన తొమ్మిది. అయినా మొత్తం మీద పరిమాణం నమ్మదగినదే. క్రికెట్ పిచ్ పొడవు 20.12 మీ., రెండంతస్తుల డాబా మీద నుంచి మామూలుగా విసిరిన బంతి దానికంటే కాస్త దూరం పోవడం సహజమే. 269 మీ. అనో 2.69 మీ. అనో వస్తే ప్రమాణాల దగ్గరకు తిరిగి వెళ్లాలి.

క్యాలిక్యులేటర్‌లో ఇంకొక చిన్న విషయం. sin 35 నొక్కితే 0.5736 రావాలి. −0.428 వస్తే అది రేడియన్లలో ఉంది, డిగ్రీలకు మార్చు. లెక్క మొదలుపెట్టే ముందు sin 30 నొక్కి 0.5 వస్తోందో లేదో చూసుకుంటే చాలు.

కాపీలో పాత లెక్కను కొట్టేసి కొత్తగా రాసేటప్పుడు 13.89 m/s తో మొదలుపెట్టు, ప్రతి వరుసలో ప్రమాణం రాయి, చివరి రెండు జవాబులను మాత్రమే రౌండ్ చేసి గీత గీయి: R = 26.9 m, v = 19.0 m/s, క్షితిజానికి 53.1° కిందికి. నీ స్నేహితురాలు తన లెక్కలో g ఒక్కటి మార్చుకుని ‘సమానం’ నొక్కితే తనకూ ఇవే వస్తాయి.